బొమ్మ బదులు అంకెలు

మా ఆఫీసులో అరవై ఏడు మందిమి. నిద్రలో లేపి అడిగినా ఈ లెక్క తప్పకుండా చెప్తాను. అందరి సర్వీసు రిజిస్టర్లూ నా బీరువాలోనే ఉంటాయి మరి. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎక్కడ చదివారు, ఎవరి కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉంది, అన్నీ నాకు తెలుసు. వాళ్ళ పెళ్ళాలకు తెలియనివి కూడా కొన్ని తెలుసు గానీ, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కాబట్టి ఎవరికీ చెప్పను.

నా పేరు అమల. ఎల్బీనగర్‌లో ఒక ఇంజినీరింగ్ శాఖ డివిజన్ ఆఫీసులో, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుని. మా నాన్న పట్టాభి కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మందుల షాపులో కుదిరాడు. నేను పుట్టింది గడ్డిఅన్నారంలో. చదివింది అక్కడే, పెళ్ళయి కాపురముంటున్నదీ అక్కడే. ఇంట్లో మా అమ్మ భాష, ఆఫీసులో అందరి భాష, కూరగాయల బండి దగ్గర ఏది ముందు నోటికొస్తే అది. నేను ఎక్కడిదాన్ని అని ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అనుకున్నాను. ఎందుకో తర్వాత తెలిసింది.

ఇది రెండువేల పదిలో సంగతి. తెలంగాణ ఉద్యమం మంచి వేడిమీద ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన కమిటీ అందరి దగ్గరా వినతిపత్రాలు తీసుకుంటోంది. మా ఆఫీసు తెలంగాణ ఉద్యోగుల సంఘం కూడా ఒకటి తయారుచేసింది. సంఘం కార్యదర్శి సుమన్, డ్రాయింగ్ సెక్షన్ కుర్రాడు. మహిళా కార్యదర్శి రెబెక్క. రెబెక్కది నా పక్క టేబులు. పదకొండేళ్ళుగా మధ్యాహ్నం ఇద్దరం ఒక్క చోటే డబ్బాలు విప్పుకుంటున్నాం. వాళ్ళ చిన్నకూతురు జోస్నా బాప్తిస్మానికి చీర కొన్నది నేను. నాకు ఆపరేషన్ అయినప్పుడు దవాఖానలో మూడు రాత్రులు కుర్చీలో కూర్చున్నది తను.

రెబెక్క కోపంలో న్యాయం ఉంది, అది ముందే చెప్పాలి. మా సెక్షన్‌లో బాపిరాజుగారని ఒకాయన ఉన్నాడు. భీమవరంలో పదో తరగతి దాకా చదివి, నల్గొండలో చదివినట్టు కాగితం తెచ్చుకుని స్థానికుల కోటాలో ఇక్కడ చేరాడు. ఆ కాగితం దొంగదని ఆఫీసులో గోడలకు కూడా తెలుసు. ఆయన రాకపోతే రెబెక్కకు ప్రమోషన్ ఆరేళ్ళ ముందే వచ్చేది. వాళ్ళ అన్న పేతురు బీఈడీ చేసి ఇప్పటికీ హయత్‌నగర్‌లో ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. ఇలాంటి బాపిరాజులు ఊరికొకడు ఉంటే జనం రోడ్డెక్కరా? ఎక్కుతారు. నేనూ ఎక్కాను. లంచ్ టైములో గేటు ముందు రెబెక్క పక్కన కూర్చుని జై తెలంగాణ అన్నాను, నోరు విప్పే అన్నాను.

ఇక ఆ రోజుకొస్తాను.

సాయంత్రం నాలుగింటికల్లా వినతిపత్రం కమిటీ దగ్గరికి చేరాలి. సుమన్ రాత్రే ఫైలు మెయిల్ చేసి, పొద్దున్నే రాస్తారోకోకి బాటసింగారం వెళ్ళిపోయాడు. మాకు మిగిలింది ప్రింటు తీసి, మూడు కాపీలు స్పైరల్ బైండింగ్ చేయించి పంపడమే. రెబెక్క ఫైలు తెరిచింది. పేజీలన్నీ ఉన్నాయి. ఆరో పేజీలో మాత్రం ఒక పెద్ద ఖాళీ గడి, దాని మూలన ఎర్రగా చిన్న ఇంటూ గుర్తు.

"అమలా, గిదేందో జర చూడవా. గ్రాఫ్ కనబడ్తలేదు."

చూశాను. సుమన్ ఎక్సెల్‌లో గ్రాఫ్ గీసి, దాన్ని బొమ్మగా దాచి, ఆ బొమ్మను ఈ ఫైల్లోకి తెచ్చాడు. తెచ్చేటప్పుడు బొమ్మను లోపల పెట్టకుండా లింకు మాత్రమే ఇచ్చాడు. అంటే ఫైల్లో ఉన్నది బొమ్మ కాదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా. అతని కంప్యూటర్లో తెరిస్తే బొమ్మ అక్కడే ఉంటుంది కాబట్టి కనపడుతుంది. మా కంప్యూటర్లో ఆ చిరునామాకు ఎవరూ లేరు. దానికి మనం ఎన్నిసార్లు ఫైలు మూసి తెరిచినా లాభం లేదు. రెబెక్క నాలుగుసార్లు మూసి తెరిచింది.

సుమన్‌కి ఫోన్ చేసింది. కంప్యూటరున్నది హయత్‌నగర్‌లో అతని ఇంట్లో, ఇంటికి తాళం, రోడ్డు మీద బస్సులు లేవు, అతను కదిలే పరిస్థితి లేదు. అయితే ఎక్సెల్ కాగితం ప్రింటు తీసినది అతని జేబులోనే ఉందట.

"గ్రాఫ్ లేకున్న నడుస్తదా?" అంది రెబెక్క నాతో.

"ఎలా నడుస్తుంది? ఆరో పేజీ అంతా 'పై చిత్రంలో చూపినట్టుగా' అనే ఉంది. చిత్రం లేకపోతే చదివేవాడు గోడ చూడాలి."

"మరి ఎట్ల?"

"ఏముంది, బొమ్మ బదులు అంకెలు పెడదాం. అతన్ని ఫోన్‌లో చదవమను, నేను పట్టిక కొడతాను. ఉత్త అంకెలు చదివితే కుదరదు. బొమ్మకు పైన పేరేం పెట్టాడో చెప్పమను. కింద గీత వెంట ఏమేం ఉన్నాయి, పక్క గీత దేన్ని కొలుస్తోంది, నీలం కడ్డీ ఎవరు, ఎర్ర కడ్డీ ఎవరు, ఏ తేదీ నాటి లెక్క, అన్నీ కావాలి. ఇవి లేకుండా అంకెలు పెడితే అవి క్రికెట్ స్కోరో, కూరగాయల ధరో ఎవడికీ తెలియదు."

నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ సలహా ఇచ్చింది నేనే అని ఇప్పటికీ మర్చిపోలేను.

రెబెక్క ఫోన్ స్పీకర్లో పెట్టి టేబుల్ మీద ఉంచింది. వెనకాల డప్పులు, నినాదాలు. సుమన్ గొంతు వచ్చి పోతూ ఉంది. నేను ఆ ఎర్ర గుర్తు గడిని తీసేసి, పట్టిక గీసి, కొట్టడం మొదలుపెట్టాను.

"మీద పేరు రాయుండ్రి మేడం. 'డివిజన్ కార్యాలయంలో విభాగాలవారీగా స్థానిక, స్థానికేతర ఉద్యోగులు.' తేదీ ఒకటి, మూడు, రెండువేల పది."

కొట్టాను.

"కింద గీతకు 'విభాగం' అని ఉంటది. పక్క గీతకు 'ఉద్యోగుల సంఖ్య'. నీలం స్థానికులు, ఎరుపు స్థానికేతరులు."

మొదటి నిలువు వరసకు విభాగం అని, మిగతా రెండింటి మీద ఉద్యోగుల సంఖ్య అని, దాని కింద స్థానికులు, స్థానికేతరులు అని పెట్టాను. రంగులతో ఇక పని లేదు.

"టెక్నికల్, తొమ్మిది, పద్నాలుగు. అకౌంట్స్, ఏడు, ఆరు. డ్రాయింగ్, నాలుగు, అయిదు. స్టోర్స్, ఎనిమిది, మూడు." కాసేపు డప్పులే వినిపించాయి. "ఎస్టాబ్లిష్‌మెంట్, ఆరు, అయిదు."

ఆరు కొట్టాను. అయిదు మీదికి వేలు పోలేదు.

మా సెక్షన్‌లో పదకొండు మందిమి. స్థానికేతరులు నలుగురు. రిజిస్టర్లు నా బీరువాలో ఉన్నాయని చెప్పాను కదా. వెంకట్రావు, విశ్వేశ్వరరావు, కుసుమకుమారి, నాలుగోవాడు మన బాపిరాజు. దొంగకాగితం వాడిని కూడా కలుపుకుంటేనే నలుగురు.

"నాలుగు కదా?" అన్నాను.

రెబెక్క తెర వైపు చూస్తోంది. "అయిదే రాయి."

"నలుగురే ఉన్నారు రెబెక్కా. పేర్లు చెప్పనా?"

ఫోన్‌లోంచి సుమన్ అన్నాడు. "ఏమైంది అక్కా? నువ్విచ్చిన లెక్కనే గద. ఎస్టాబ్లిష్‌మెంట్ ఆరు, అయిదు అని నువ్వే రాసిచ్చినవ్."

రెబెక్క ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని, "మళ్ల చేస్త" అని కట్టేసింది.

మా సెక్షన్ గది పెద్దది. అవతల మూలన కుసుమకుమారి ఏదో ఫైలుకు ట్యాగు కడుతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. నాకు చెవుల్లో మాత్రం సుమన్ మాటే ఉంది. నేను ఆ అయిదో మనిషిని. నన్ను ఆ వరసలో వేసింది ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు కాదు, నా డబ్బాలో చెయ్యి పెట్టి తినే మనిషి.

బొమ్మ వచ్చి ఉంటే నాకు ఈ సంగతి తెలిసేదే కాదు. సుమన్ గీసిన గ్రాఫుకు పక్కన పది, ఇరవై అని గీతలే ఉన్నాయట, కడ్డీల మీద అంకెలు లేవట. అందులో ఒక మనిషి అంటే వెంట్రుకంత మందం. ఆ బొమ్మను నేనే ప్రింటు తీసి, నేనే బైండింగ్ చేయించి, చేతికిచ్చి పంపేదాన్ని. దేవుడు ఇలాంటి విషయాల్లో ఎర్ర గుర్తు ఎందుకు పంపుతాడో నాకు తెలియదు.

"నా సర్వీసు రిజిస్టరులో స్థానికురాలు అని ఉంది," అన్నాను.

"బాపిరాజుది గూడ గట్లనే ఉంది."

"వాడూ నేనూ ఒకటేనా?"

"నేనట్ల అన్నానా?" రెబెక్క గొంతు తగ్గించింది. "సంఘంల అందరు కూసొని లెక్క పెట్టిన్రు. కాగితం చూస్తే అందరు లోకలే తేల్తరు. అందుకని నాయిన ఊరు ఏదో అదే రాయాలె అన్నరు. మీ నాయినది కృష్ణా జిల్లా. నేనేమన్న అబద్ధం జెప్పిన్నా?"

"నేను పుట్టింది గడ్డిఅన్నారంలో. నువ్వు నీ పద్దెనిమిదో ఏట ఈ ఊరొచ్చావు. నీకంటే పద్దెనిమిదేళ్ళు ఎక్కువ ఉన్నాను ఇక్కడ."

ఈ మాట అనకుండా ఉండాల్సింది. రెబెక్క మొహం బిగుసుకుపోయింది.

"అవ్. మాకు ఊర్ల బతుకుదెరువు లేక వచ్చినం. మీ లెక్క షాపు పెట్టుకుందామని రాలె."

"మా నాన్న షాపు పెట్టలేదు, షాపులో పొట్లాలు కట్టాడు. అది నీకు తెలుసు."

తెలుసు. తనకు బాగా తెలుసు. నేను కీబోర్డు మీద నాలుగు కొట్టాను. ఆరును ఏడు చేశాను. రెబెక్క చూసింది.

"మొత్తం ముప్ఫైమూడు అని లోపల మూడు చోట్ల రాసినం అమలా. 'దాదాపు సగం' అని రాసినం. మిగిలిన సంఘాలకు గూడ గదే లెక్క పోయింది. ఇప్పుడు ముప్ఫైరెండు అంటే, మీకు లెక్కలే రావంటరు. నీ ఒక్కదాని కోసం అంతా మార్చాల్నా?"

అడిగిన తీరు చూడండి. వద్దనలేదు, మారుస్తాననలేదు. మార్చమని నేను బతిమాలుకోవాలి. నా సొంత ఊళ్ళో నన్ను చేర్చుకోండమ్మా అని నా పక్క టేబులుకు దరఖాస్తు పెట్టుకోవాలి. నాకు తిక్కరేగింది. మా అమ్మ ఎప్పుడూ అనేది, నీ కోపం నీకే శత్రువు అని. నాలుగు చెరిపి అయిదు కొట్టాను. ఏడు చెరిపి ఆరు కొట్టాను. కింద మొత్తం వరస కూడా కలిపాను, ముప్ఫైనాలుగు, ముప్ఫైమూడు. 'పై చిత్రంలో' అన్నచోటల్లా 'పై పట్టికలో' అని దిద్దాను. పైన పేరును మధ్యలోకి తెచ్చాను, గీతలు సరిచేశాను. ఇంత నీటుగా నా జన్మలో ఏ పట్టికా కొట్టలేదు.

"ప్రింటు తీసుకో," అని లేచి వెళ్ళిపోయాను.

ఆ రోజు నుంచి డబ్బాలు ఎవరివి వాళ్ళవే. కొట్లాట లేదు, పలకరింపు మానలేదు. "స్టాంపు ప్యాడ్ ఇస్తవా?" అంటే ఇచ్చేదాన్ని. గేటు ముందు ధర్నాకు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. నేను రాలేదని ఎవరూ అడగలేదు కూడా.

జులైలో హెడ్డాఫీసు నుంచి లెటరు వచ్చింది. మా సూపరింటెండెంటు దశరథ గారు పిలిచి నా చేతిలో పెట్టాడు. భువనగిరివైపు మనిషి, రిటైర్‌మెంటుకు రెండేళ్ళుంది, ఎవరి జోలికీ పోడు.

సంఘం ఇచ్చిన వినతిపత్రం నకలు హెడ్డాఫీసుకూ పోయింది. అందులో పట్టిక ఒకటి ప్రకారం ముప్ఫైముగ్గురు స్థానికేతరులు ఉన్నారని తెలుస్తోంది, కాబట్టి ఆ ముప్ఫైముగ్గురి పేర్లు, హోదాలు, స్వస్థలాలు సంఘం నుంచి రాతపూర్వకంగా తీసుకుని పదిరోజుల్లో పంపవలెను. పేరు వచ్చిన ప్రతి ఉద్యోగీ తాను పదో తరగతి దాకా వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివిందీ సదరు పాఠశాల రికార్డుతో మళ్ళీ రుజువు చేసుకోవలెను. చేసుకోలేనివారిని వారి స్వస్థలపు జోనుకు పంపే విషయం పరిశీలించబడును.

రెండుసార్లు చదివాను.

"అన్ని ఆఫీసుల సంఘాలు ఇచ్చినయమ్మా," అన్నాడు దశరథ గారు. "పక్క డివిజనోళ్లు రంగురంగుల గ్రాఫులు పెట్టి పంపిండ్రు. చూసి పక్కన పెట్టిన్రు. మనోళ్లు అంకెలు పంపిండ్రు. అంకె కనబడితే ఆఫీసు ఊకుంటదా, పేర్లు అడుగుతది."

అంకెలు పెట్టమన్న మహాతల్లిని నేనే అని ఆయనకు చెప్పలేదు.

మర్నాడు సెలవు పెట్టి నా స్కూలుకు వెళ్ళాను. గడ్డిఅన్నారంలో పళ్ళ మార్కెట్ వెనక వీధిలో, అద్దె ఇంట్లో, నాలుగు గదుల స్కూలు అది. రేకుల షెడ్డు కింద ప్రార్థన. నేను ఒకటి నుంచి పది దాకా అక్కడే చదివాను. తొంభైనాలుగులో మూతబడిందని తెలుసు. అయినా వెళ్ళాను. అక్కడిప్పుడు అయిదంతస్తుల లేడీస్ హాస్టల్ ఉంది. బ్యాంకు పరీక్షల కోచింగుకు వచ్చిన పిల్లలు బాల్కనీల నిండా బట్టలు ఆరేశారు. వాచ్‌మన్‌ని అడిగితే ఇక్కడ స్కూలు ఉండేదన్న సంగతే తెలియదన్నాడు. హెడ్‌మాస్టారు పోయి పదేళ్ళయింది. ఆయన కొడుకు ఫోన్ నంబరు సంపాదించి మాట్లాడితే, పాత రిజిస్టర్లు చెదలు పట్టాయని, ఇల్లు కూల్చేటప్పుడు పాతపేపర్లవాడికి వేశామని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

మండల విద్యాధికారి ఆఫీసుకూ పోయాను. రెండు గంటలు నిలబెట్టి, ఆ స్కూలు ఫైలు తమ దగ్గర లేదన్నారు. ఉద్యోగంలో చేరినప్పుడు నేనిచ్చిన స్టడీ సర్టిఫికెట్ నా రిజిస్టరులో అంటించి ఉంది, నిజమే. అది చాలదు, స్కూలు రికార్డు కావాలని లెటరులో స్పష్టంగా ఉంది. బాపిరాజుకు భయం లేదు. నల్గొండలో ఆయనకు కాగితం ఇచ్చిన స్కూలు నిక్షేపంగా నడుస్తోంది, మళ్ళీ అడిగితే మళ్ళీ ఇస్తుంది. అబద్ధం చెప్పినవాడికి స్కూలుంది, నిజం చెప్పిన నాకు లేదు. మా ఆయన ప్రసన్నకుమార్ దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తాడు. పాప సింధూర ఎనిమిదో తరగతి. నన్ను పంపేస్తే వీళ్ళను వదిలి నేనొక్కదాన్నే పోవాలి. మా ఆయన ఆ రాత్రి ఒకటే మాట అడిగాడు.

"నాలుగు అని కొట్టి ఉండొచ్చుగా అమలా?"

పొగరుతో కొట్టానని మొగుడికి ఎలా చెప్పను?

తొమ్మిదో రోజు సంఘం మీటింగు అయింది. గోడ అవతల స్టోర్స్ గదిలోనే. నేను వినాలని వినలేదు గానీ, గోడ పలచనిది. సుమన్ గొంతు పెద్దది.

"ఒక్క పేరు తక్కువిచ్చినా పట్టిక మొత్తం తప్పంటరక్కా. బాపిరాజు లాంటోళ్లందరు గా ఒక్కటి పట్టుకొని బయటపడ్తరు. ఆరేండ్లు నీకు ప్రమోషన్ ఆపినోడు నవ్వుకుంట పోతడు. నీ ఇష్టం మరి."

రెబెక్క ఏమన్నదో వినపడలేదు.

లంచ్ అయ్యాక నా టేబుల్ దగ్గరికి వచ్చింది. చేతిలో ఫారం, పెన్ను. మూడు నిలువు వరసలు గీసి ఉన్నాయి, పేరు, హోదా, స్వస్థలం. మిగతా సెక్షన్ల పేర్లన్నీ నిండాయి. ఎస్టాబ్లిష్‌మెంట్ కింద నాలుగు పేర్లు రాసి ఉన్నాయి, అయిదో వరస ఖాళీ. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎన్నో నెలల తర్వాత అలా కూర్చుంది.

"నువ్వు స్కూలు కాగితం తెచ్చిస్తే నీ పేరు తీసేస్తరు గద," అంది.

"స్కూలు లేదు."

"ఎక్కడన్న నకలు..."

"లేదు. చెదలు తిన్నాయి. పోయి అడిగొచ్చాను."

రెబెక్క ఈ సంగతి అనుకోలేదు. పెన్ను మూత పెట్టింది, తీసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి అబద్ధపు నీళ్ళని నేననను. దవాఖానలో నా మంచం పక్కన కూర్చున్న మనిషే ఇది కూడా.

"నాకు తెల్వది అమలా. నిజంగ తెల్వది."

"తెలిసిందిగా ఇప్పుడు. నాలుగు రాసి పంపు. అయిదోది పొరపాటు అని ఒక ముక్క రాయి. రాస్తావా?"

ఇంతకాలం అడగకుండా బిగపట్టుకున్న మాట అది. ఇక పొగరు లేదు నా దగ్గర, సిగ్గు కూడా లేదు. అడిగేశాను. బతిమాలాను అనే అనుకోండి.

రెబెక్క కాగితం వైపే చూస్తూ కూర్చుంది. గది అవతల బాపిరాజు, పేపరు మడిచి, అద్దాలు తుడుచుకుని, మళ్ళీ పేపరు విప్పాడు. రెబెక్క తల ఎత్తి ఆయన్ను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను కాగితం మీద ఆనించింది.

అమల, అని రాసింది. పక్కన సీనియర్ అసిస్టెంట్ అని రాసింది. గుండ్రటి అక్షరాలు, తొందర లేకుండా. మూడో గడి దగ్గర చెయ్యి ఆగింది.

"మీ ఊరు?" అంది.

"గడ్డిఅన్నారం."

"గట్ల రాస్తే లిస్టు తిప్పి పంపుతరు అమలా." గొంతు ఎంత మెత్తగా ఉందో. "మీ నాయిన ఊరు జెప్పు."

పదకొండేళ్ళలో తను నన్నడగని ప్రశ్న అది. పామర్రు దగ్గర ఒక పల్లె పేరు చెప్పాను. మా నాన్న చచ్చిపోయేదాకా తలుచుకుంటూ ఉండేవాడు, నేను మాత్రం రెండుసార్లు చూశాను, రెండుసార్లూ చావులకే. రెబెక్క రాసుకుంది. జిల్లా అడిగింది. కృష్ణా అన్నాను. అదీ రాసింది.

రాయడం అయ్యాక కాగితం నా వైపు తోసింది. దానికి పైన కవరింగ్ లెటరు కొట్టి సంతకానికి పెట్టాల్సింది ఎస్టాబ్లిష్‌మెంట్ క్లర్కు, అంటే నేనే. లేవబోయి ఆగింది.

"ఆడ మీవాళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది.

"ఎవరూ లేరు," అన్నాను.

ఫారంలో దానికి వరస లేదు. రెబెక్క పెన్నుకు మూత పెట్టుకుని తన టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయింది.